అదే అమ్మాయి, అదే రాయి, అదే దారం: ఏఐ వీడియోల్లో కంటిన్యుటీ సంగతి

ఏడో తరగతి పిల్లలకు లఘులోలకం పాఠం చెప్పే ఒక ఉపాధ్యాయుడు నాలుగు షాట్ల చిన్న వీడియో తయారు చేయాలనుకున్నాడని అనుకుందాం. కథ పెద్దదేమీ కాదు. ఊరి బడి ఆవరణలో వేపకొమ్మకు దారంతో ఒక రాయి వేలాడుతోంది. ఒక అమ్మాయి దాన్ని కాస్త పక్కకు లాగి వదులుతుంది, ఊగులు లెక్కపెడుతుంది. తర్వాత దారాన్ని కురచ చేసి మళ్లీ వదులుతుంది. ఈసారి రాయి గబగబా ఊగుతుంది. లోలకం డోలన కాలం దారం పొడవు మీద ఆధారపడుతుందనేది పాఠం.

మాటలు రాసిస్తే వీడియో తయారుచేసే ఏఐ సాధనాలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. ఆయన నాలుగు ప్రాంప్టులు రాసి నాలుగు క్లిప్పులు తెచ్చుకున్నాడు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంది. కలిపి చూస్తే మొదటి షాట్లో రెండు జడల పిల్ల, రెండో షాట్లో ఒంటి జడ పిల్ల. వేపచెట్టు మూడో షాట్‌కి మర్రిచెట్టయింది. నిమ్మకాయంత రాయి కాస్తా మెరిసే ఇనుప గుండు అయింది. సన్నటి తెల్లదారం నాలుగో షాట్లో కొబ్బరితాడులా లావెక్కింది.

కాలక్షేపం వీడియో అయితే చూసేవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. సైన్సు పాఠంలో అలా కుదరదు. దారం పొడవు ఒక్కటే మారింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి అన్నదే ఆ ప్రయోగానికి ఆయువుపట్టు. రాయి మారి, చెట్టు మారి, తాడు మారితే, ఊగు వేగం దేనివల్ల మారిందో పిల్లలు ఎలా చెప్పగలరు? పాత్రలూ పరిసరాలూ షాట్ షాట్‌కీ ఒకేలా ఉండటం సినిమావాళ్లకు అందచందాల విషయం కావచ్చు. సైన్సు వీడియోకి మాత్రం అది సాక్ష్యం. ఈ తేడా గుర్తించకుండా ప్రాంప్టులు రాయడం వల్లే ఏఐతో చేసిన సైన్సు వీడియోలు చాలావరకు బొమ్మల కొలువులా మిగిలిపోతున్నాయి.

"అదే అమ్మాయి" అంటే ఎవరు?

ఆ ఉపాధ్యాయుడి రెండో ప్రాంప్టు ఇలా ఉంది:

```
Now the same girl counts the swings near the tree.
```

మనిషికి చెబితే ఇందులో లోపమేమీ లేదు. "అదే అమ్మాయి", "ఆ చెట్టు" అనగానే ముందు షాట్ గుర్తుకొస్తుంది. వీడియో మోడల్‌కి గుర్తుకు రావడానికి ముందు షాట్ అనేదే లేదు. ఈ మోడళ్లు చాలావరకు యాదృచ్ఛికమైన చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, ప్రాంప్టు నుంచి తయారైన సంఖ్యల ఆధారంగా ఆ గందరగోళాన్ని కొంచెం కొంచెంగా తొలగిస్తూ బొమ్మను రాబడతాయి. ఒక క్లిప్పులోని ఫ్రేములన్నిటినీ కలిపి ఒకేసారి శుభ్రం చేస్తాయి కాబట్టి ఆ కొద్ది సెకన్లూ అమ్మాయి అమ్మాయిగానే ఉంటుంది. రెండో క్లిప్పు మళ్లీ కొత్త గందరగోళం నుంచి మొదలవుతుంది. అందులో "అదే" అన్న మాటకు అర్థం లేదు. ఏదో ఒక అమ్మాయి, ఏదో ఒక చెట్టు వస్తాయి. ఒకే క్లిప్పులో రెండు మూడు షాట్లు ఇచ్చే సాధనాలు కొత్తగా వచ్చాయి. వాటిలో పోలిక బాగానే నిలుస్తుంది గానీ, ఆ కొద్ది సెకన్లు దాటగానే మళ్లీ మొదటికే.

తెలుగు సినిమా సెట్టు మీద కంటిన్యుటీ చూసే సహాయ దర్శకుడు ఉంటాడు. నాయిక ఏ చేతికి గాజులు వేసుకుంది, బొట్టు ఎంత పెద్దది, కాఫీ గ్లాసు ఎంతవరకు ఖాళీ అయింది అన్నీ రాసుకుని, స్టిల్స్ తీసి పెట్టుకుంటాడు. పది రోజుల తర్వాత అదే సన్నివేశంలో మిగిలిన ముక్క తీసేటప్పుడు ఆ పుస్తకమే దిక్కు. వీడియో ప్రాంప్టులు రాసేవాళ్లు చేయాల్సిన మొదటి పని ఆ పుస్తకం తయారు చేసుకోవడమే. చాలామంది షాట్లు రాయడంతో మొదలుపెడతారు. ముందు రాయాల్సింది షాట్లలో మారనివి.

లోలకం వీడియోలో మారనివి మూడు: అమ్మాయి, చోటు, పరికరం. ఒక్కోదానికి ఒక్కో వాక్యం.

```
An eleven-year-old South Indian girl, dark brown skin, round face, two long braids with red ribbons, plain yellow knee-length frock, barefoot.
```

```
Courtyard of a small village school, white wall with a wide blue band along the bottom, one large neem tree at the left edge of the frame, bare red earth, early morning sun from the left.
```

```
A smooth grey stone the size of a lemon hangs from a low branch on a thin white string; the stone is level with the girl's waist.
```

ఈ మూడు వాక్యాలూ ప్రతి షాట్ ప్రాంప్టులో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. తెలుగు బడుల్లో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని నేర్పుతారు. ఇక్కడ ఆ అలవాటు వదులుకోవాలి. ఒక షాట్లో "yellow frock" అని, ఇంకో షాట్లో అందంగా ఉంటుందని "golden dress" అని రాస్తే రెండో షాట్లో జరీ మెరుస్తుంది. షాట్‌కీ షాట్‌కీ మారేది చివర చేర్చే ఒకటి రెండు వాక్యాలు మాత్రమే: కెమెరా ఎక్కడుంది, అమ్మాయి ఏం చేస్తోంది.

```
Static camera at the girl's eye level, medium shot. She pulls the stone a little to one side with her right hand and lets go.
```

ఆ వాక్యాల్లో "చురుకైన", "తెలివైన", "ఆసక్తి ఉట్టిపడే" లాంటి విశేషణాలు లేవన్నది గమనించాలి. తెలివికి రంగు ఉండదు. కంటికి కనబడనిది రాస్తే మోడల్ దాన్ని తనకు తోచినట్టు బొమ్మ కడుతుంది. ఒకసారి కళ్లజోడు పెడుతుంది, ఒకసారి చేతికి పుస్తకం ఇస్తుంది. పేరు పెట్టినా అంతే. లక్ష్మి అనో సీత అనో రాస్తే పాత్ర స్థిరపడదు సరికదా, ఆ పేర్లతో బొమ్మలెన్ని ఉన్నాయో తలచుకుంటే నగలూ కిరీటాలూ చొరబడే ప్రమాదం ఎవరికైనా తెలుస్తుంది.

గుర్తుల ఎంపికలో ఇంకో కిటుకు ఉంది. పెద్దవిగా, ఏకరంగులో ఉండే గుర్తులు నిలుస్తాయి. పసుపు గౌను నిలుస్తుంది, గళ్ల చొక్కా నిలవదు. గళ్లు ప్రతిసారీ కొత్త లెక్కలో వస్తాయి. ఎర్ర రిబ్బను నిలుస్తుంది, చేతికి ఐదు గాజులు అంటే ఒకసారి మూడు, ఒకసారి తొమ్మిది. నల్లబల్ల మీద తెలుగు అక్షరాలు అసలు అడగకూడదు. అక్షరాల్లా కనిపించే గీతలు వస్తాయి తప్ప చదవదగినవి రావడం అరుదు. వాటిని ఎడిటింగులో చేర్చుకోవడమే మేలు.

ఉపాధ్యాయుడు మొదట రాసుకున్నది మడిచి కట్టిన జడలు. మన బడిపిల్లలు రెండు జడలూ పైకి మడిచి చెవుల దగ్గర రిబ్బన్లతో కట్టుకుంటారు కదా, అది. ఎన్ని రకాలుగా వర్ణించినా ఒక క్లిప్పులో మడత వచ్చింది, రెండు క్లిప్పుల్లో జడలు కిందికే వేలాడాయి. ఇలాంటప్పుడు పట్టుబట్టడం కన్నా సాధనం ప్రతిసారీ నిలబెట్టగల గుర్తుకు మారడం మంచిది. అందుకే పై వాక్యంలో ఉన్నవి వేలాడే జడలు. ఇది చిన్న ఓటమే. కానీ ఎందుకు ఓడాల్సి వచ్చిందన్నది అడగాల్సిన ప్రశ్న.

తెలుగులో రాస్తే?

ప్రాంప్టులోని మాటలు నేరుగా మోడల్‌కి చేరవు. వాటిని ముందు ఒక టెక్స్ట్ ఎన్‌కోడర్ టోకెన్లనే ముక్కలుగా విడగొట్టి సంఖ్యలుగా మారుస్తుంది. అందరికీ అందుబాటులో ఉన్న కాగ్‌వీడియోఎక్స్ మోడల్‌నే చూడండి. దాని ప్రాంప్టు పరిమితి 226 టోకెన్లు. అందులో వాడిన టీ5 ఎన్‌కోడర్ పదజాలం ఇంగ్లీషుతో పాటు మరో మూడు ఐరోపా భాషల కోసం తయారైంది. తెలుగు లిపి అందులో లేదు. తెలుగులో ఎంత చక్కగా రాసినా దానికి అవి గుర్తు తెలియని అక్షరాలే. 2025లో విడుదలైన వాన్ 2.1 బహుభాషా ఎన్‌కోడర్‌ను వాడుతుంది, తెలుగు అక్షరాలను గుర్తిస్తుంది. అయినా ఆ మాటను బొమ్మతో జతచేసి నేర్పిన ఉదాహరణలు ఉండాలి కదా. "పరికిణీ" అన్న మాటతో శీర్షిక ఉన్న వీడియోలు దానికి ఎన్ని చూపించి ఉంటారు?

అందువల్ల ప్రస్తుతానికి కంటిన్యుటీ కాగితం తెలుగులో ఆలోచించి, ప్రాంప్టు సాదా ఇంగ్లీషులో రాయడమే పనికొచ్చే దారి. అనువదించేటప్పుడు వస్తువు పేరు కన్నా దాని రూపం రాయాలి. పరికిణీ అనే బదులు చీలమండల దాకా వచ్చే, కుచ్చిళ్లున్న లంగా అని వర్ణించాలి. వేపచెట్టు "neem tree" అన్నంత మాత్రాన వేపగా రాదు. కొమ్మ దగ్గరగా కనిపించే షాట్లో సన్నటి రంపపు అంచు ఆకులు రెండు వరసల్లో ఉంటాయని చెప్పాల్సి రావచ్చు. తెలుగు ఊరిని తెలుగువాళ్లకే చూపించడానికి ఇంగ్లీషులో వర్ణించి అడుక్కోవాల్సి రావడం బాధగానే ఉంటుంది. మన ఊళ్ల, మన బట్టల, మన పనిముట్ల బొమ్మలు తెలుగు వివరణలతో విస్తారంగా చేరనంతవరకు ఈ అవస్థ తీరదు. ఆ పని ప్రాంప్టు రాసేవాడి చేతిలో లేదు.

అతని చేతిలో ఉన్నది ఇంకొకటుంది. చాలా సాధనాలు ఇచ్చిన ప్రాంప్టును అలాగే వాడవు. తెర వెనుక ఒక భాషా మోడల్ దాన్ని పొడిగించి, వివరాలు చేర్చి, ఆ పొడిగించిన పాఠాన్నే వీడియో మోడల్‌కి ఇస్తుంది. ఒక్క షాట్ కావాలనుకున్నప్పుడు ఇది ఉపకారమే. నాలుగు షాట్లు కావాలనుకున్నప్పుడు మాత్రం నాలుగుసార్లు నాలుగు రకాల వివరాలు చేరతాయి. మూడు వాక్యాలూ అక్షరం మార్చకుండా రాసినా అమ్మాయి మారుతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగుల్లో ప్రాంప్టు మెరుగుపరిచే ఐచ్ఛికం ఉంటే ఆపేయాలి.

సీడ్ సంఖ్య గురించి ఒక మాట. మొదటి చుక్కల గందరగోళం ఏదో నిర్ణయించే సంఖ్య అది. అన్ని షాట్లకూ ఒకే సీడ్ ఇస్తే ఒకే ముఖం వస్తుందన్న నమ్మకం బాగా వ్యాపించింది. ప్రాంప్టు, సెట్టింగులు కూడా మారకపోతేనే ఒకే సీడ్‌తో దాదాపు అదే క్లిప్పు మళ్లీ వస్తుంది. ప్రాంప్టులో షాట్ మారగానే ఆ హామీ పోతుంది.

మాటలకు హద్దు ఉంది

ఇంత జాగ్రత్తగా రాసినా, మాటలతో వచ్చేది ఒకే రకం అమ్మాయి మాత్రమే. ఒకే అమ్మాయి రాదు. గుండ్రటి ముఖం, రెండు జడలు, పసుపు గౌను ఉన్న పిల్లలు లక్షమంది ఉంటారు. పోలీసు వర్ణన చదివి ఒకే మనిషిని నలుగురు చిత్రకారులు గీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అక్కాచెల్లెళ్లలా ఉంటారు, ఒకరే అనిపించరు.

అందుకే ముఖం కావాలంటే బొమ్మ ఇవ్వాలి. మొదట అమ్మాయి స్థిరచిత్రం ఒకటి, సాదా నేపథ్యంలో, ముఖమూ బట్టలూ పూర్తిగా కనిపించేలా తయారు చేసుకుని దాన్నే రిఫరెన్సుగా పెట్టుకోవాలి. బడి ఆవరణకు ఇంకొకటి. ఈ రెండింటి ఆధారంగా ప్రతి షాట్‌కీ ఒక మొదటి ఫ్రేము తయారు చేసి, ఆ ఫ్రేము నుంచి వీడియోను కదిలించాలి. 2025 మార్చిలో వచ్చిన రన్‌వే జెన్-4 రిఫరెన్స్ చిత్రాలతో పాత్రలను నిలబెట్టడాన్నే ప్రధానంగా చెప్పుకుంది. అలాంటి సదుపాయం ఇప్పుడు మిగతా సాధనాల్లోనూ ఉంది. బొమ్మ ఇచ్చాక ప్రాంప్టు రాసే తీరు తలకిందులవుతుంది. ముఖం, గౌను మళ్లీ వర్ణించనక్కరలేదు. బొమ్మలో ఉన్నదానికీ మాటల్లో ఉన్నదానికీ కాస్త తేడా వచ్చినా మోడల్ మధ్యేమార్గం వెతుకుతుంది. "అమ్మాయి కుడిచేత్తో రాయిని లాగి వదులుతుంది, కెమెరా కదలదు" అని కదలిక చెబితే చాలు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మొదటి క్లిప్పు చివరి ఫ్రేమును రెండోదానికి మొదటి ఫ్రేముగా, రెండోదాని చివరిది మూడోదానికి ఇచ్చుకుంటూ పోతారు. అతుకు కనబడకపోవడం వల్ల ఇది తెలివైన పనిలా అనిపిస్తుంది. కానీ ఇది జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే. ప్రతి అడుగులో ముఖం కాస్త నునుపెక్కుతుంది, రంగులు ముదురుతాయి, నాలుగో క్లిప్పుకు పదకొండేళ్ల పిల్ల పద్దెనిమిదేళ్ల యువతిలా కనిపించినా ఆశ్చర్యం లేదు. ప్రతి షాట్‌కీ మళ్లీ అసలు రిఫరెన్సు దగ్గరికే వెళ్లాలి.

చోటు విషయంలో మాటలు కాస్త మెరుగ్గానే పనిచేస్తాయి, కెమెరా ఒకే వైపు ఉన్నంతవరకు. తెల్లగోడ, నీలిపట్టీ, ఎడమవైపు చెట్టు అని చెప్పాక కెమెరాను గోడవైపు నుంచి అమ్మాయి ముఖంలోకి తిప్పితే, ఆవరణకు అవతలివైపు ఏముందో మోడల్ కల్పించుకోవాలి. కల్పించుకుంటుంది కూడా, ప్రతిసారీ కొత్తగా. నాలుగు షాట్ల పాఠానికి ఆ వైపు అక్కరలేదు. వెడల్పు షాట్, నడుము దాకా షాట్, ముఖం, మళ్లీ వెడల్పు షాట్ అన్నీ ఒకే దిక్కు నుంచి తీస్తే సరిపోతుంది. ఎండ ఎడమనుంచి అని రాసినందుకు నీడ ప్రతి షాట్లో కుడివైపు పడుతోందా అని చూసుకోవాలి. వేళ్లతో ముడి వేయడం లాంటి పనులు అడగకపోవడం మంచిది. దారం వేళ్లలోంచి దూరిపోతుంది, ముడి పడకుండానే పడిపోతుంది. రాయి అప్పటికే వేలాడుతున్నట్టు కథ మార్చుకుంటే ఆ తలనొప్పే ఉండదు.

నాలుగు షాట్లకు ఐదేసి ప్రయత్నాలు, ఒక్కోటి 8 సెకన్లు అనుకుంటే 32 సెకన్ల వీడియో కోసం 160 సెకన్లు తీయాలి. ఇది ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఏరుకునేటప్పుడు క్లిప్పులను ఒకదాని తర్వాత ఒకటి చూస్తే తేడాలు దొరకవు, కన్ను కథ వెంట పోతుంది. నాలుగింటి మొదటి ఫ్రేములనూ పక్కపక్కన పెట్టి, ప్రాంప్టు చదవని మనిషికి చూపించాలి. రిబ్బను రంగు తేడా వాళ్లే ముందు పట్టుకుంటారు.

అమ్మాయి అదే, భూమి అదేనా?

ఇప్పుడు అమ్మాయి ఒక్కతే, గోడ ఒక్కటే, రాయి ఒక్కటే. వీడియో తయారైనట్టేనా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. దీని గురించి ప్రాంప్టు పాఠాలు చెప్పేవాళ్లెవరూ పెద్దగా మాట్లాడరు.

దారం పొడవు మీటరు అనుకుంటే డోలన కాలం దాదాపు 2 సెకన్లు. 25 సెంటీమీటర్లయితే 1 సెకను. పొడవు నాలుగో వంతయితే కాలం సగమవుతుంది, ఎందుకంటే కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. క్లిప్పులో సెకనుకు 24 ఫ్రేములుంటే, మీటరు లోలకం ఒక చివర నుంచి బయలుదేరి మళ్లీ అక్కడికి రావడానికి 48 ఫ్రేములు పట్టాలి. ఎడిటింగు యాప్‌లో ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ లెక్కపెట్టొచ్చు, పది నిమిషాల పని.

లెక్కపెడితే 30 ఫ్రేములే వచ్చాయనుకుందాం. అంటే 1.25 సెకన్లు. మీటరు పొడవున్న లోలకం ఆ వేగంతో ఊగాలంటే గురుత్వ త్వరణం సుమారు 25 ఉండాలి. భూమి మీద 9.8. 25కి దగ్గరగా ఉండేది గురుగ్రహం. ఆ అమ్మాయి వేపచెట్టుతో సహా గురుగ్రహం మీద నిలబడి ఉందన్నమాట. అదే 78 ఫ్రేములు వస్తే ఆమె అంగారకుడి మీద ఉంది. ఏఐ క్లిప్పుల్లో కదలికలు నెమ్మదిగా, స్లో మోషన్‌లా రావడం మామూలే కాబట్టి ఈ రెండో ప్రయాణమే ఎక్కువ.

దీన్ని ప్రాంప్టుతో సరిచేయలేమా? "string is exactly 100 cm" అని రాసి చూడొచ్చు. మోడల్‌కి కొలబద్ద లేదు. అందుకే పై వాక్యంలో సెంటీమీటర్లకు బదులు రాయి అమ్మాయి నడుము ఎత్తులో ఉందని రాయాల్సి వచ్చింది. కొమ్మ 185 సెంటీమీటర్ల ఎత్తులో, నడుము 85 దగ్గర ఉంటే దారం మీటరు. కురచ దారం షాట్లో రాయి అమ్మాయి తలకు కాస్త పైన ఉందని రాస్తే 25 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. పోలికలతో పొడవు చూపించవచ్చు. వేగం మాత్రం అలా పట్టుబడదు. "రెండు సెకన్లకు ఒక ఊగు" అని రాసినా మోడల్ లెక్క కట్టి ఊపదు. ఊగే వస్తువులు వీడియోల్లో ఎలా కనిపించాయో ఆ పోలికతో ఊపుతుంది. లోలకం సమీకరణం దానికి ఎవరూ ఇవ్వలేదు.

వచ్చే ఏడాది మోడళ్లు ఇవన్నీ వాటంతటవే సరిచేసుకుంటాయని, ఇప్పుడే ఇంత గింజుకోవడం ఎందుకని కొందరంటారు. ముఖాల విషయంలో అది నిజమే కావచ్చు. కానీ ముఖాలు కుదిరిన కొద్దీ రెండో ప్రమాదం పెరుగుతుంది. జడ మారిపోయే వీడియోని చూసిన పిల్లవాడు ఇది ఉత్తుత్తిదని పసిగడతాడు. జడ, గౌను, గోడ, నీడ అన్నీ చెక్కుచెదరకుండా ఉన్న వీడియోని కెమెరాతో తీసిందే అనుకుంటాడు. అందులో రాయి గురుగ్రహం లెక్కన ఊగుతుంటే దాన్నే నమ్ముతాడు. పొందిక నమ్మకాన్ని పెంచుతుంది. ఆ నమ్మకం నిజానికి దక్కుతోందో అబద్ధానికి దక్కుతోందో దానికి తెలియదు.

కాబట్టి కొలత చూపించే షాట్‌ను ఏఐతో తయారు చేయకూడదు. సైన్సు వీడియోలు చేసే సంస్థలు దీన్ని నియమంగా పెట్టుకోవాలి. కథ నడిపే షాట్లకు ఏఐ సరే. అమ్మాయి నడిచి రావచ్చు, ఆలోచించవచ్చు, ఆశ్చర్యపోవచ్చు. పిల్లలు ఊగులు లెక్కపెట్టే ఆ ఎనిమిది సెకన్లు మాత్రం నిజమైన రాయి, నిజమైన దారం, నిజమైన ఫోను కెమెరా. చనిపోయిన శాస్త్రవేత్తలను షాట్ షాట్‌కీ పోలిక చెడకుండా పునఃసృష్టించి వాళ్ల చేత ప్రయోగాలు చేయించే ఉత్సాహానికీ ఈ నియమమే వర్తించాలి. యల్లాప్రగడ సుబ్బారావు ముఖం నాలుగు షాట్లలో నిలబడినంత మాత్రాన, ఆయన ప్రయోగశాల అలాగే ఉండేదని కాదు.

అయితే నిజం షాట్‌కీ ఏఐ షాట్‌కీ అతుకు కనబడదా? కనబడకుండా చేయడానికి పని క్రమాన్ని తిరగేయాలి. ఉపాధ్యాయుడు ముందు ఏఐ అమ్మాయిని తయారు చేసి, తర్వాత ఆమె రాయికి సరిపోయే రాయి వెతికాడు. దొరకలేదు. నిజం షాట్‌తోనే మొదలుపెట్టాలి. బడి గోడకు కాస్త ఎడంగా, దూలానికో కొమ్మకో మేకు కొట్టి తెల్లదారం కట్టాలి. మేకు దగ్గర నుంచి రాయి మధ్య వరకు కొలిస్తే 100 సెంటీమీటర్లు రావాలి, ముడి దాకా కాదు. పది డిగ్రీలకు మించకుండా పక్కకు లాగి వదలాలి. పెద్ద కోణంలో ఊపితే కాలం కొద్దిగా పెరుగుతుంది. ఫోనును ఇటుకల మీద కదలకుండా నిలబెట్టి, సెకనుకు 24 ఫ్రేముల్లో తీయాలి. కొన్ని ఫోన్లలో 30 మాత్రమే ఉంటుంది, అప్పుడు ఒక ఊగుకు 60 ఫ్రేములు రావాలి. తర్వాత దారం 25 సెంటీమీటర్లకు కురచ చేసి మళ్లీ తీయాలి.

ఈ షాట్లు చేతికొచ్చాక ఆ గోడను, ఆ రాయిని, ఆ దారాన్ని విడిగా ఫోటోలు తీసి, అవే రిఫరెన్స్ చిత్రాలుగా ఏఐ సాధనానికి ఇవ్వాలి. కంటిన్యుటీ కాగితంలోని రెండో, మూడో వాక్యాలను ఆ ఫోటోలు చూసి రాయాలి. గోడకు నీలిపట్టీ లేకపోతే వాక్యంలోంచి తీసేయాలి, రాయి ఎర్రగా ఉంటే ఎర్రగా అని రాయాలి. ఉదయం ఎనిమిదింటికి తీస్తే ఎండ ఏ వైపునుంచి వచ్చిందో అదే ప్రాంప్టులోకి వెళ్లాలి. ఇప్పుడు ఏఐ షాట్లే నిజం షాట్‌ను అనుసరిస్తాయి.

రెండింటి మధ్య అతుకు వేయాల్సింది అమ్మాయి చేయి రాయిని వదిలే క్షణంలో. నడుము దాకా షాట్లో వేళ్లు తెరుచుకోగానే కోసి, రాయి ఒక్కటే తెరనిండా కనిపించే నిజం షాట్‌కి వెళ్లాలి. అందులో మనిషి లేడు కాబట్టి ముఖం పోలిక ప్రశ్నే రాదు. తెర మూలలో సెకన్లు చూపించే గడియారం ఎడిటింగులో చేర్చి, ఆ షాట్ కింద ఇది కెమెరాతో తీసిందని, మిగతావి ఏఐతో తయారు చేసినవని చిన్న అక్షరాల్లో వేయాలి. ఎనిమిది సెకన్లలో పొడుగు దారం నాలుగుసార్లు ఊగుతుంది, కురచ దారం ఎనిమిదిసార్లు. అప్పుడు తరగతిలో వీడియో ఆపి, పిల్లల చేతే లెక్కపెట్టించవచ్చు.